నాలుగు ఆసిలేటర్ల టెంప్లేట్ రివ్యూ: నాలుగు ఓట్లా, ఒకటేనా?

నమస్కారం అండి. ఈ రోజు రివ్యూ చేస్తున్నది ఒక చార్ట్ టెంప్లేట్. దీని గురించి చాలామంది అడుగుతున్నారు. ధర కింద నాలుగు కిటికీల్లో నాలుగు ఆసిలేటర్లు, అంటే పైకీ కిందకీ ఊగే గీతలు ఉంటాయి: ఆర్ఎస్ఐ, స్టోకాస్టిక్, విలియమ్స్ పర్సెంట్ ఆర్, సీసీఐ. నాలుగూ ఓవర్‌సోల్డ్‌లోకి, అంటే ధర మరీ పడిపోయిందనే చోటికి వస్తే కొనాలి, నాలుగూ ఓవర్‌బాట్‌లోకి, అంటే మరీ పెరిగిపోయిందనే చోటికి వెళ్తే అమ్మాలి. నాలుగు ఇండికేటర్లు ఒకే మాట చెబుతున్నాయంటే నమ్మొచ్చు కదా అన్నది దీని వెనకున్న ఆలోచన. నేను కూడా మొదట్లో ఇలాంటి చార్ట్‌తోనే కూర్చునేవాణ్ణి, అందుకే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు.

ముందుగా రెండు కిటికీలు మాత్రమే చూద్దాం, స్టోకాస్టిక్, విలియమ్స్. ఫార్ములాలు స్క్రీన్ మీద పెడుతున్నాను. ఇక్కడ H14 అంటే గత 14 రోజుల గరిష్ఠ ధర, L14 అంటే కనిష్ఠ ధర, C అంటే ఈ రోజు క్లోజింగ్.

```
%K =  100 * (C - L14) / (H14 - L14)
%R = -100 * (H14 - C) / (H14 - L14)
```

ఒక షేర్ తీసుకుందాం. 14 రోజుల్లో పైన 640, కింద 560, అంటే రేంజ్ 80 రూపాయలు. ఈ రోజు 576 దగ్గర ముగిసింది. స్టోకాస్టిక్ ఏం అడుగుతుందంటే, కింది నుంచి ఎంత ఎత్తులో ఉన్నాం అని. 16 రూపాయలు. 80లో 16 అంటే 20. విలియమ్స్ అడిగేది పై నుంచి ఎంత కింద ఉన్నాం అని. 64 రూపాయలు. 80లో 64 అంటే 80, ముందు మైనస్ గుర్తు. ఇప్పుడు క్లోజింగ్ 572 అనుకోండి. మొదటిది 15, రెండోది మైనస్ 85. ఏ ధర వేసినా మొదటి అంకెలోంచి 100 తీసేస్తే రెండోది వస్తుంది. ఓవర్‌సోల్డ్ గీతలు కూడా ఒకదానికి 20, ఇంకోదానికి మైనస్ 80. అంటే ఆ గీతలు కూడా ఒకటే. బావిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో ఒకసారి అడుగు నుంచి, ఒకసారి గట్టు నుంచి కొలిచినట్టు. స్క్రీన్ మీద స్టోకాస్టిక్‌కి 3 రోజుల స్మూతింగ్ పెట్టి ఉంటే రెండూ కాస్త వేరుగా కనిపిస్తాయి కానీ, అది సగటు తీయడం వల్ల వచ్చిన ఆలస్యమే, కొత్త సమాచారం కాదు.

ఆర్ఎస్ఐ, సీసీఐ ఇంత అచ్చంగా ఒకటి కావు, ఒప్పుకోవాలి. ఆర్ఎస్ఐని వైల్డర్ 1978లో పరిచయం చేశారు. అది పెరిగిన రోజుల పెరుగుదలనీ, తగ్గిన రోజుల తగ్గుదలనీ పోలుస్తుంది. సీసీఐ అయితే ధర తన సగటు నుంచి ఎంత దూరం జరిగిందో చూస్తుంది. లెక్కలు వేరే. కానీ లోపలికి వెళ్లే సరుకు అదే, గత రెండు మూడు వారాల ధరలు. అడిగే ప్రశ్న కూడా అదే: ఈ మధ్య ధర ఎంత వేగంగా, ఎటు జరిగింది? వారం రోజులు వరసగా పడితే నాలుగూ దిగుతాయి, వేరే దారి లేదు వాటికి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కలో చూద్దాం. ఒక సిగ్నల్ 100కి 60 సార్లు కరెక్ట్ అనుకుందాం, ఊరికే ఉదాహరణకి. దానితో సంబంధం లేని ఇంకో సిగ్నల్ కూడా 60 అనుకోండి. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు కరెక్ట్ అయ్యే అవకాశం దాదాపు 69 శాతానికి పెరుగుతుంది. ఎందుకంటే 100లో రెండూ కరెక్ట్ అయ్యేవి 36, రెండూ తప్పయ్యేవి 16. 36ని 52తో భాగిస్తే 69. కానీ ఈ పెరుగుదల మొత్తం ఒక షరతు మీద నిలబడింది: ఒకటి తప్పినప్పుడు రెండోది కరెక్ట్ అయ్యే అవకాశం ఉండాలి. రెండోది మొదటిదానికి కాపీ అయితే 60 దగ్గరే ఉంటాం. పదో కాపీ పెట్టినా 60యే. మారేది మన ధైర్యం, ఆ ధైర్యంతో కొనే క్వాంటిటీ. నష్టం వచ్చేది అక్కడే.

2020 గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 28న నిఫ్టీ 11,201 దగ్గర ముగిసింది, వరసగా ఆరు రోజులు పడి. 14 రోజుల రేంజ్‌లో దాదాపు అట్టడుగు అది. స్టోకాస్టిక్, విలియమ్స్ రెండూ ఓవర్‌సోల్డ్‌లో ఉన్నాయి, ఆర్ఎస్ఐ కూడా బాగా దిగింది. ఆ రోజు ఈ టెంప్లేట్ ముందు కూర్చున్నవాళ్లకి ఇంతమంది సాక్షులున్నారు అనిపించి ఉంటుంది. మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. అంటే ఫిబ్రవరి 28 నుంచి ఇంకో 32 శాతం కిందకి. గట్టి ట్రెండ్‌లో ఆసిలేటర్లు అలా అంచుకి అతుక్కుపోతాయి. ఒకటి అతుక్కుంటే మిగతావీ అతుక్కుంటాయి. అసలు కన్ఫర్మేషన్ కావాల్సిన రోజునే నాలుగూ కలిసి తప్పుతాయి, ఈ టెంప్లేట్‌తో నా అసలు గొడవ ఇదే.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఏడాది డేటాని షీట్‌లో పెట్టి, రెండు ఇండికేటర్ల విలువలు B, C కాలమ్‌లలో పక్కపక్కన ఉంచి ఇది కొట్టండి.

```
=CORREL(B2:B251,C2:C251)
```

స్మూతింగ్ లేని స్టోకాస్టిక్‌కీ విలియమ్స్‌కీ కచ్చితంగా 1 వస్తుంది. మిగతా జతల్లో 1కి ఎంత దగ్గరైతే రెండోది అంత అనవసరం. దీనికంటే నాకు నచ్చిన పరీక్ష ఇంకోటి ఉంది. మొదటిది సిగ్నల్ ఇచ్చిన రోజులన్నీ రాయండి. వాటిలో రెండోది ‘వద్దు’ అన్న రోజులు ఎన్ని? ఆ రోజుల్లో తర్వాత ఏం జరిగింది? ‘వద్దు’ అన్న రోజులే దాదాపు లేకపోతే, అది మీ కోసం ఏ పనీ చేయట్లేదు.

ఇది ఆసిలేటర్లతోనే ఆగదు. 12, 26 రోజుల ఈఎంఏ అనే సగటు గీతల క్రాస్ఓవర్ పెట్టుకుని, కింద మాక్డీ సున్నా దాటడం కోసం చూసేవాళ్లు ఉన్నారు. మాక్డీ గీత అంటేనే 12 ఈఎంఏ లోంచి 26 ఈఎంఏ తీసేయగా మిగిలింది. రెండూ ఒకే క్యాండిల్‌లో జరుగుతాయి.

మరి ఈ టెంప్లేట్‌లో నేనేం ఉంచుతాను? ఆర్ఎస్ఐ ఒక్కటే. ఖాళీ అయిన చోట 200 రోజుల మూవింగ్ యావరేజ్ పెడతాను. అదీ ధర లోంచే వస్తుంది కానీ, చూసే కాలం చాలా పెద్దది, కాబట్టి ఆర్ఎస్ఐ ‘కొను’ అన్నప్పుడు ఇది ‘వద్దు’ అనగలదు. తర్వాత ఏటీఆర్. ఇది ఎటు వెళ్తుందో చెప్పదు, రోజుకి ఎంత ఊగుతుందో చెబుతుంది. ఇందాకటి 576 షేర్‌కి ఏటీఆర్ 16 అనుకోండి. రెండింతలు, 32 రూపాయలు కిందకి, 544 దగ్గర స్టాప్‌లాస్ పెడితే, 3,200 రిస్క్‌కి 100 షేర్లు కొనొచ్చు. ఏటీఆర్ 32 అయి ఉంటే 50 షేర్లే. నాలుగు ఆసిలేటర్లు కలిసినా ఈ జవాబు ఇవ్వలేవు.

చివరిది వాల్యూమ్, ధర లోంచి లెక్కకట్టని వేరే కాలమ్. షేర్ల చార్ట్‌లో బాగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఇండెక్స్‌లో షేర్లు మార్చే రోజు, పెద్ద బ్లాక్ డీల్ జరిగిన రోజు వాల్యూమ్ బార్ ఒక్కసారిగా లేస్తుంది. అది కొనేవాళ్ల ఉత్సాహం కాదు, ఆ రోజుని లెక్కలోంచి పక్కన పెట్టేయండి.