గాలిగోపురం ముందు జనం లేని ఫొటో: పదిహేను ఫ్రేములను మీడియన్ పద్ధతిలో కలపడం

నమస్కారం. నెల్లూరు రంగనాయకులపేటలో, పెన్నా ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి ఆలయ గాలిగోపురాన్ని వీధిలో నిలబడి ఫొటో తీస్తే, గోపురంతో పాటు దాని కింద నడిచే భక్తులు, ఆగి సెల్ఫీలు తీసుకునే సందర్శకులు, వచ్చిపోయే ఆటోలు కూడా అందులో పడతాయి. ఆ మనుషులను బ్రష్‌తో చెరిపివేయకుండా, ఒకే చోటు నుంచి తీసిన పదిహేను ఫొటోలను కలిపి తొలగించే విధానాన్ని ఈ వీడియోలో వివరిస్తాను.

చెరిపివేసే పరికరాలను నేను ఇక్కడ ఎందుకు వాడనో ముందుగా చెప్పాలి. మనిషి వెనుక ఏముందో ఆ పరికరానికి తెలియదు కాబట్టి, అది పక్కనున్న భాగాల నుంచి కొంత తెచ్చి అక్కడ అతికిస్తుంది. ఇసుకలోనో ఆకాశంలోనో అయితే తేడా కనిపించదు. కానీ ద్వారబంధం అంచు దగ్గర, చెక్కడం ఉన్న చోట అలా అతికించినది అక్కడ లేని చెక్కడమే అవుతుంది. గుడి ఫొటోలో లేని శిల్పాన్ని చూపించడం నాకు సమ్మతం కాదు. ఫ్రేములను కలిపినప్పుడు మాత్రం, మనిషి పక్కకు జరిగిన క్షణంలో కెమెరా నిజంగా చూసిన గోడే మనకు దక్కుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క పిక్సెల్‌ను తీసుకుని చూద్దాం. ద్వారం పక్కన గోడ మీద ఒక బిందువు ఉందనుకోండి. అయిదు ఫొటోలలో దాని వెలుగు విలువలు 142, 60, 141, 143, 58 అని వచ్చాయి. గోడ విలువ 142 ప్రాంతంలో ఉంది. రెండు ఫొటోలలో ముదురు రంగు బట్టలు వేసుకున్నవారు అడ్డు వచ్చారు. వీటికి సగటు తీస్తే దాదాపు 109 వస్తుంది. అది గోడా కాదు, మనిషీ కాదు. ఫొటోలో నీడలాంటి మరకగా కనిపిస్తుంది. అవే విలువలను చిన్న నుంచి పెద్దకు వరుసగా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకుంటే 141 వస్తుంది. అది అచ్చంగా గోడ. ఈ మధ్య విలువనే మీడియన్ అంటారు. దీనికి ఉన్న షరతు ఒక్కటే: ఆ బిందువు సగానికి మించిన ఫొటోలలో ఖాళీగా కనిపించాలి.

అందువల్ల అసలు పని కంప్యూటర్ దగ్గర కాదు, వీధిలోనే జరుగుతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద గట్టిగా నిలిపి, ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో పెట్టండి. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 250వ వంతు షట్టర్ వేగం దగ్గర మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకోండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకూడదు. ఫోకస్ కుదిరాక దాన్ని కూడా మాన్యువల్‌కు మార్చండి. వీటిలో ఏది మారినా ఖాళీ గోడ విలువే ఫొటో ఫొటోకూ మారిపోతుంది.

ఇక రెండు ఫొటోల మధ్య ఎంత వ్యవధి ఇవ్వాలన్నది. బరస్ట్‌లో రెండు సెకన్లలో పదిహేను ఫొటోలు తీస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే గుడి ముందు నిదానంగా నడిచే మనిషి ఆ రెండు సెకన్లలో రెండు మూడు అడుగులు మాత్రమే కదులుతాడు. ఇంటర్వెల్ టైమర్‌ను 20 సెకన్లకు పెట్టండి. పదిహేను ఫొటోలకు అయిదు నిమిషాలలోపే పడుతుంది, ఆ కాస్త సమయంలో నీడ పెద్దగా జరగదు. మబ్బు ఎండకు అడ్డం వస్తే ఆ ఫ్రేమును పక్కన పెట్టి, ఎండ వచ్చాక మరొకటి తీయండి.

ఎన్ని ఫ్రేములు కావాలో తెలియాలంటే, ఎక్కువ మంది నడిచే చోటును కాసేపు గమనించండి. ఆ చోటు మూడింట ఒక వంతు సమయం మనుషులతో నిండి ఉంటుందనుకుందాం. అయిదు ఫ్రేములే తీస్తే అలాంటి బిందువులలో నూటికి 21 చెడిపోతాయి. పదిహేను తీస్తే ఆ సంఖ్య తొమ్మిదికి తగ్గుతుంది. అయితే ఒక చోటు సగం కన్నా ఎక్కువ సమయం నిండి ఉంటే, ఫ్రేములు పెంచే కొద్దీ ఫలితం మెరుగుపడదు సరికదా, అక్కడ మనుషులే స్థిరపడిపోతారు. అలాంటి చోటు కనిపిస్తే సంఖ్య పెంచకుండా వేళ మార్చుకోవడమే మేలు.

ఇప్పుడు ఫొటోషాప్ తెరుద్దాం. `File > Scripts > Load Files into Stack` లోకి వెళ్లి పదిహేను ఫొటోలనూ ఎంచుకోండి. కింద `Attempt to Automatically Align Source Images`, `Create Smart Object after Loading Layers` అనే రెండు గడులకూ టిక్ పెట్టండి. ఫైలు తెరుచుకున్నాక `Layer > Smart Objects > Stack Mode > Median` నొక్కండి. కాసేపట్లో వీధి ఖాళీ అవుతుంది.

ఫొటోషాప్ లేనివారు హ్యూగిన్ అనే ప్రోగ్రాముతో వచ్చే align_image_stack పరికరాన్ని, ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామును లినక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో వాడి ఇదే ఫలితం పొందవచ్చు. కింది వాటిలో మొదటి ఆదేశం ఫొటోలను ఒకదానితో ఒకటి సరిపెడుతుంది, రెండోది మధ్య విలువను తీస్తుంది.

```
align_image_stack -C -a g_ *.jpg
magick g_*.tif -evaluate-sequence median gopuram.tif
```

ఫలితాన్ని దూరం నుంచి చూసి తృప్తి పడకండి. వంద శాతానికి పెంచి, నేల మీదుగా ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతూ చూడండి. జనం ఎక్కువసేపు నిలిచిన చోట, సాధారణంగా ద్వారం ముందు, చెప్పుల స్టాండు దగ్గర, రంగులు కలిసిపోయిన మసక మచ్చలు కనిపిస్తాయి. అక్కడ ఎవరూ కట్టుకోని రంగు కూడా రావచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలకు మీడియన్ విడివిడిగా తీయడం వల్ల, ఒక ఫొటో నుంచి ఎరుపూ మరో ఫొటో నుంచి నీలమూ వచ్చి కలుస్తాయి. వింత రంగు మచ్చ కనిపిస్తే, అక్కడ షరతు తప్పిందని అర్థం.

దాన్ని సరిచేయడానికి పదిహేను ఫొటోలను ఒక్కొక్కటిగా తెరిచి, ఆ చోటు ఖాళీగా ఉన్న ఫ్రేమును వెతకండి. తరచుగా ఒకటైనా దొరుకుతుంది. దాన్ని మీడియన్ లేయర్ పైన పెట్టి, నల్లటి లేయర్ మాస్క్ జతచేసి, ఆ మచ్చ మేరకే మెత్తటి తెల్ల బ్రష్‌తో మాస్క్‌ను తెరవండి. ఇక్కడ బ్రష్ పట్టినా కల్పించేది ఏమీ లేదు, కెమెరా చూసిన మరో క్షణాన్నే బయటికి తెస్తున్నాం. రెండు ఫ్రేముల మధ్య వెలుగు సరిపోలకపోతే మాస్క్ అంచు గీతలా తెలుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను స్థిరంగా ఉంచమన్నది ఇందుకే.

గాలికి ఊగే చెట్ల కొమ్మలు, కదిలే మబ్బులు మీడియన్‌లో ఆకారం పోగొట్టుకుని అలికినట్టు అవుతాయి. వాటికీ ఇదే ఉపాయం: మబ్బులు బాగున్న ఒక్క ఫ్రేమును ఎంచుకుని ఆకాశాన్నీ కొమ్మలనూ దాని నుంచే మాస్క్ ద్వారా తీసుకోండి.

కూర్చుని పూలు అమ్మే ఆవిడ సంగతి వేరు. ఆమె లేచి వెళ్లదు కాబట్టి ఎన్ని ఫ్రేములు తీసినా మీడియన్ ఆమెను గోడలాగే స్థిరమైన వస్తువుగా లెక్కిస్తుంది. మాల కట్టే చేతులు మాత్రం చెదిరిపోతాయి. ఆమెను తీసేయాలని నేను అనుకోను. వచ్చిపోయేవారిని తీసివేయడం మన ఉద్దేశమే తప్ప, రోజూ అక్కడ బతుకు సాగించేవారిని కాదు. ముందుగా ఆమె అనుమతి అడిగి, చేతులు స్పష్టంగా వచ్చిన ఒకే ఫ్రేము నుంచి ఆమెను, బుట్టను, ఆమె నీడను కలిపి మాస్క్‌తో తెచ్చుకోండి. నీడను మరిచిపోతే, వేరే ఫ్రేములలో అది కాస్త జరిగి ఉంటుంది కనుక నేల మీద రెండు అంచులు కనబడతాయి.