ఒకే 4–20 మిల్లీయాంప్ సిగ్నల్‌ను రెండు పరికరాలకు ఇచ్చేటప్పుడు గ్రౌండ్ లూప్‌ను తెంచడం

నమస్కారం. తెర మీద కనిపిస్తున్నది ఒక నీటి ట్యాంకు లెవెల్ లూప్. రెండు తీగల ట్రాన్స్‌మిటర్, 0 నుంచి 5 మీటర్లు, 4 నుంచి 20 మిల్లీయాంప్‌లు. ఈ సిగ్నల్ ముందుగా ఈ ప్యానెల్‌లోని పీఎల్‌సీకి వెళ్లి, అక్కడి నుంచి సిరీస్‌లో పక్క భవనంలోని ఆర్‌టీయూకి వెళుతుంది. రెండింటి ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 250 ఓమ్‌లే.

ఇప్పుడు ట్యాంకు సగం నిండి ఉంది. పీఎల్‌సీ 12 మిల్లీయాంప్‌లు చూపుతోంది, అది సరైనదే. ఆర్‌టీయూ మాత్రం 1.2 చూపుతోంది, పంపు మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా ఆ అంకె ఊగుతోంది. కారణం ఇదిగో, ఈ నీలం తీగ దగ్గర ఉంది. పీఎల్‌సీ కార్డు నెగటివ్‌ను, 24 వోల్టుల సప్లై నెగటివ్‌ను ఈ ప్యానెల్‌లోనే ఎర్త్ చేశారు కాబట్టి, పీఎల్‌సీని దాటిన కరెంటు ఆర్‌టీయూ దాకా వెళ్లకుండా ఇక్కడి నుంచే సప్లైకి తిరిగి వెళ్లిపోతుంది. ఆర్‌టీయూ నెగటివ్ కూడా తన భవనంలో ఎర్త్ అయి ఉంది. అందువల్ల దాని 250 ఓమ్‌ల మీద పడేది ట్యాంకు లెవెల్ కాదు, రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. ఆ తేడా 0.3 వోల్టులు ఉంటే, 0.3ను 250తో భాగించండి, సరిగ్గా 1.2 మిల్లీయాంప్‌లు వస్తాయి.

నిర్ధారించుకోవడానికి ఫీల్డ్ తీగలు విప్పి, ఆర్‌టీయూ ఇన్‌పుట్‌కు క్యాలిబ్రేటర్‌తో 12 మిల్లీయాంప్‌లు ఇవ్వండి. సరిగ్గా చదివితే కార్డులో దోషం లేనట్లే. ఈ పనికి నేను ఎప్పుడూ బ్యాటరీతో నడిచే క్యాలిబ్రేటర్‌నే వాడతాను, ఎందుకంటే దానికి ఎర్త్‌తో సంబంధం ఉండదు. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: గ్రౌండ్ లూప్ తెంచాలని పరికరాల రక్షణ ఎర్త్‌ను ఎవరూ విప్పకూడదు, అది మనుషుల ప్రాణాల కోసం పెట్టినది.

తెంచవలసినది సిగ్నల్ దారిలోనే. అందుకు ఒక ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్‌లు ఉన్న ఐసోలేటర్‌ను, అంటే సిగ్నల్ స్ప్లిటర్‌ను వాడుతున్నాము. లోపల సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానో కాంతి ద్వారానో అవతలికి చేరుతుంది తప్ప, తీగ ద్వారా కాదు. కొనే ముందు డేటాషీట్‌లో రెండు అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి కూడా ఐసోలేట్ అయ్యాయో లేదో చూడండి. కొన్నింటిలో ఇన్‌పుట్ మాత్రమే వేరుగా ఉండి, అవుట్‌పుట్‌ల నెగటివ్ ఉమ్మడిగా ఉంటుంది. అలాంటిది పెడితే పీఎల్‌సీకీ ఆర్‌టీయూకీ మధ్య అదే గ్రౌండ్ లూప్ మళ్లీ ఏర్పడుతుంది.

వైరింగ్ తెర మీద ఉంది, త్వరగా వెళదాం. ఐసోలేటర్‌కు 24 వోల్టులు. ట్రాన్స్‌మిటర్ ఈ రెండు ఇన్‌పుట్ టెర్మినళ్లకు, దానికి సప్లై కూడా ఇక్కడి నుంచే. మొదటి అవుట్‌పుట్ పీఎల్‌సీకి, రెండోది ఆర్‌టీయూకి.

ఇక్కడ మాత్రం కాస్త ఆగుదాం. అవుట్‌పుట్ కరెంటును తానే నెట్టేది అయితే యాక్టివ్, అవతలి కార్డు ఇచ్చే వోల్టేజీ మీద పనిచేసేది అయితే పాసివ్. రెండు తీగల ట్రాన్స్‌మిటర్ ఉన్నప్పుడు కార్డే 24 వోల్టులు ఇచ్చేలా సెట్ చేసి ఉండవచ్చు. ఇప్పుడు ఐసోలేటర్ కూడా యాక్టివ్ అయితే, రెండు సప్లైలు ఎదురెదురు పడతాయి. పోలారిటీని బట్టి కరెంటు అసలు పారకపోవచ్చు, లేదా ట్యాంకుతో నిమిత్తం లేకుండా ఒకేచోట నిలిచిపోవచ్చు. అందుకే తీగ బిగించక ముందే మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, కార్డు టెర్మినళ్ల మీద ఒకసారి, ఐసోలేటర్ అవుట్‌పుట్ మీద ఒకసారి కొలవండి. రెండింటిలో ఒక్కచోటే వోల్టేజీ కనిపించాలి. రెండు చోట్లా ఉంటే కార్డును నాలుగు తీగల సెట్టింగ్‌కు మార్చండి. రెండు చోట్లా లేకపోతే కరెంటుకు ఆధారమే లేదని అర్థం.

విడిగా సప్లై అక్కరలేని లూప్ పవర్డ్ ఐసోలేటర్‌తో పని కాదా అని కొందరు అడుగుతుంటారు. అది తనకు కావలసిన వోల్టేజీని లూప్ నుంచే తీసుకుంటుంది. పీఎల్‌సీకి 20 మిల్లీయాంప్‌ల దగ్గర 5 వోల్టులు, ఐసోలేటర్‌కు 3 అనుకుందాం, దాని వెనుక ఆర్‌టీయూకి మరో 5. 24లో మిగిలినవి 11 వోల్టులే. ట్రాన్స్‌మిటర్‌కు కనీసం 12 కావాలంటే, ట్యాంకు దాదాపు నిండే వరకు రీడింగ్ బాగానే వచ్చి, పై చివర మాత్రం పెరగకుండా నిలిచిపోతుంది. కాబట్టి సగం ట్యాంకు దగ్గర పరీక్షించి వదిలేయకండి.

ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ స్థానంలో క్యాలిబ్రేటర్ పెట్టి 4, 12, 20 ఇస్తున్నాను. పీఎల్‌సీలోనూ ఆర్‌టీయూలోనూ 0, 2.5, 5 మీటర్లు వస్తున్నాయి. 12 దగ్గర ఉంచి ఆర్‌టీయూ తీగ ఒకటి విప్పుతున్నాను, చూడండి, పీఎల్‌సీ రీడింగ్ కదలలేదు. మధ్యలో ఎర్త్ లేని మామూలు సిరీస్ వైరింగ్‌లో అయితే ఇక్కడ లూప్ మొత్తం తెగి, పీఎల్‌సీ రీడింగ్ కూడా పడిపోయేది. చివరిగా షీల్డ్: ఐసోలేటర్‌కు ఇరువైపులా ఉన్న ప్రతి కేబుల్ షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేసి, రెండో చివరను టేపు చుట్టి వదలండి. లేకపోతే ఈసారి ఎర్త్ తేడా కరెంటు షీల్డ్ గుండా పారుతుంది.