ముసాయిదా మినిట్స్‌లో ఏది కొట్టేయాలి, ఏది కొట్టేయకూడదు

అధ్యక్షుల వారికీ, సభలో ఉన్న కార్యదర్శులందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి చెప్పవలసిన దానికంటే ఎక్కువే చెప్పారు కనుక, నేను నేరుగా విషయంలోకి వస్తాను.

ముసాయిదా మినిట్స్‌ను చట్టపరమైన ప్రమాదం కోసం ఎలా సరిచూడాలో చెప్పమని నన్ను పిలిచారు. నాలుగు రకాల వాక్యాలను వెతకాలని మీకు ముందే తెలుసు: తప్పును ఒప్పుకున్నట్టు వినిపించేవి, ఒకరి పరువు తీసేవి, ఊహను నిజంగా రాసేవి, ఎవరు ఎప్పటిలోగా చేస్తారో చెప్పని హామీలు. వాటిని వెతకడం కష్టం కాదు. దొరికిన తరవాత ఏం చేయాలన్నదే కష్టం. అక్కడ నేను ఒకసారి చేసిన తప్పు గురించి కూడా ఈ రోజు చెప్పాలి.

ముందుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంస్థ గిడ్డంగిలో సరుకులు పెట్టే ఇనుప ర్యాకు కూలి ఇద్దరు పనివారు గాయపడ్డారనుకోండి. మూడు రోజులకు కార్యవర్గం సమావేశమైంది. ముసాయిదాలో ఇలా ఉంది: "ర్యాకు కూలడానికి మన నిర్వహణ లోపమే కారణమని సభ్యులు అంగీకరించారు. కాంట్రాక్టరు మోసగాడని, నాసిరకం బోల్టులు బిగించాడని కోశాధికారి అన్నారు. పరిమితికి మించి బరువు వేసి ఉండవచ్చు. ఇకపై ఇలాంటి ప్రమాదం జరగకుండా అన్ని చర్యలూ వీలైనంత త్వరగా తీసుకుంటాము, బాధితులను అన్ని విధాలా ఆదుకుంటాము."

దీనిని సమావేశంలో ఉన్న మనిషిగా చదివితే తప్పేమీ కనిపించదు, ఎందుకంటే మాటల వెనకున్న గొంతు మనకు గుర్తుంటుంది. మూడేళ్ల తరవాత, ఆ గదిలో లేని, మనకు వ్యతిరేకంగా వాదించే న్యాయవాది చేతిలో ఇదే కాగితం ఉందనుకుని మళ్లీ చదవండి. మొదటి వాక్యం ఆయనకు కేసులో సగం పని తగ్గిస్తుంది.

ఆ మొదటి వాక్యం దగ్గర మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: సభ్యులు నిజంగా అంగీకరించారా? చేతిరాత నోట్స్ తీసి చూస్తే, ఒక సభ్యుడు గత తనిఖీ ఎప్పుడు జరిగిందని అడిగి "మనం తనిఖీ సరిగా చేయించలేదేమో" అన్నట్టు, ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పనట్టు, తనిఖీ రికార్డు తెమ్మని మేనేజరుకు చెప్పినట్టు మాత్రమే ఉంటుంది. ఒకరి సందేహం, మిగిలినవారి మౌనం కలిసి ముసాయిదాలో అందరి అంగీకారంగా మారాయి. పైగా అది వాస్తవం కాదు, నిర్ధారణ. ర్యాకు కూలడం వాస్తవం. ఎందుకు కూలిందన్నది ఆ రోజుకు ఎవరికీ తెలియదు. బీమా సంస్థ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదనే షరతు చాలా బాధ్యతా బీమా పాలసీలలో ఉంటుంది కనుక, ఆ వాక్యం బాధితుల కేసుతో పాటు బీమా రక్షణను కూడా చిక్కులో పెట్టగలదు.

అయితే ఆ వాక్యం తీసేసి "ప్రమాదంపై చర్చ జరిగింది" అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. నేనైతే ఇలా రాస్తాను: "ర్యాకు కూలి ఇద్దరు పనివారు గాయపడ్డారని గిడ్డంగి మేనేజరు నివేదించారు. ఆ ర్యాకుకు గత తనిఖీ ఎప్పుడు జరిగిందని ఒక సభ్యుడు ప్రశ్నించారు. తనిఖీ రికార్డు సమావేశం ముందుకు రాలేదు. దానిని వెతికి వచ్చే సమావేశానికి తేవాలని మేనేజరును ఆదేశించారు." ఇందులో మనకు ఇబ్బంది కలిగించే విషయం ఒకటి ఉంది, రికార్డు ముందుకు రాలేదన్నది. అది అలాగే ఉండాలి. జరిగింది కనుక ఉండాలి.

ఎందుకు ఉండాలని ఇంతగా పట్టుబడుతున్నానో చెప్పడానికి, మిగిలిన మూడు వాక్యాలను కాసేపు పక్కన పెట్టి, నా సంగతి ఒకటి చెబుతాను. ఇది నేటి ప్రసంగంలో ఇంత ముందుగా రావలసింది కాదు, కానీ దీనిని దాటి ముందుకు వెళ్లలేకపోతున్నాను.

చాలా ఏళ్ల కిందట నేను కార్యదర్శిగా పనిచేసిన ఒక సంస్థలో సరుకుల లిఫ్టు ఉండేది. ఒక సమావేశంలో దాని పర్యవేక్షకుడు లేచి, బ్రేకు జారుతోందని రెండుసార్లు రాతపూర్వకంగా తెలిపానని చెప్పారు. బ్రేకు విడిభాగానికి ఆర్డరు పెట్టామని, వచ్చేవరకు లిఫ్టులో సగం బరువే వేయాలని చెప్పామని మేనేజరు జవాబిచ్చారు. ఈ రెండు వాక్యాలనూ నేను ముసాయిదాలో రాశాను. అధ్యక్షుడు చదివి, "ఇది ఉంటే మనకు ముందే తెలుసన్నట్టు అవుతుంది, లిఫ్టు నిర్వహణపై చర్చించారు అని రాస్తే చాలు" అన్నారు. నేను మార్చాను. తరవాతి సమావేశంలో ఆ మినిట్స్‌ను ఒక్క నిమిషంలో ధ్రువీకరించారు.

ఆ తరవాత లిఫ్టు జారి ఒక పనివాడి కాలు విరిగింది. విచారణలో మినిట్స్ అడిగారు. ప్రమాదం గురించి పర్యవేక్షకుడు ఎవరినీ హెచ్చరించలేదని సంస్థ వాదించింది, ఎందుకంటే మినిట్స్‌లో హెచ్చరిక లేదు. ఆయన తాను పంపిన రెండు లేఖల నకళ్లు తెచ్చారు. అంతటితో నా మొదటి ముసాయిదా కోసం వెతికారు. అది నా మెయిల్‌లోనే ఉంది. అప్పటినుంచి లిఫ్టు సంగతి వెనక్కి పోయి, ఆ వాక్యం ఎవరు తీసేశారు, ఎవరు తీసేయమన్నారు, ఎందుకు అన్న ప్రశ్నలే మిగిలాయి. నేను వాటికి జవాబు చెప్పాను, నిజమే చెప్పాను.

ఇక్కడ గమనించవలసినది ఇంకొకటి ఉంది. హెచ్చరికను తీసేసినప్పుడు దానికి అతుక్కున్న రెండో వాక్యం కూడా పోయింది. విడిభాగానికి ఆర్డరు పెట్టడం, బరువు తగ్గించమని చెప్పడం సంస్థ తీసుకున్న జాగ్రత్తలు, అంటే సంస్థకు రక్షణగా నిలవగలిగిన విషయాలు. మేము సంస్థను కాపాడాలనుకుని, సంస్థను కాపాడగలిగిన వాక్యాన్నే తుడిచేశాము. నాకు మరీ బాధ కలిగించేది మాత్రం అది కాదు. తన పని తాను సరిగా చేసిన ఒక మనిషి, నేను మార్చిన వాక్యం వల్ల కొన్ని నెలలపాటు అబద్ధం చెబుతున్నవాడిగా నిలబడవలసి వచ్చింది. మిత్రులారా, మీలో ఎవరికైనా రేపు అలాంటి సూచన వస్తే, ఆ మనిషి ఎవరో ఒకసారి తలచుకోండి.

కనుక కొట్టేసేముందు కారణం నోటితో చెప్పుకోండి. "ఇది సమావేశంలో జరగలేదు", "ఇది నిర్ణయానికి అవసరం లేదు", "ఇది వాస్తవం కాదు, ఒకరి అభిప్రాయం" అన్న కారణాలు న్యాయమైనవి. "ఇది మనకు ఇబ్బంది" అన్నది కారణం కాదు. వివాదం రావచ్చని తెలిసిన తరవాత నోట్స్‌ను, పాత ముసాయిదాలను చించేయడం, చెరిపేయడం అసలు చేయకూడదు. మామూలు రోజుల్లో వాటిని ఎంతకాలం ఉంచాలన్నది ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం జరగాలి. సవరణల జాడ, పక్కన రాసిన వ్యాఖ్యలు, మెయిల్‌లో "ఈ లైను తీసేయండి" అన్న మాట, ఇవన్నీ కూడా రేపు బయటికి రాగల పత్రాలే.

ఇప్పుడు ర్యాకు ముసాయిదాలోని రెండో వాక్యానికి వస్తాను. కాంట్రాక్టరు మోసగాడని కోశాధికారి నిజంగానే అన్నారు. అన్నారు కనుక రాయవచ్చని చాలామంది అనుకుంటారు. ఒకరు అన్న నిందను మనం కాగితం మీద మళ్లీ రాసి పంచితే, దానిని ప్రచురించిన బాధ్యత మనకూ వస్తుంది. "కోశాధికారి ఆరోపించారు" అని చేర్చినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. ఆ విషయంతో నిజంగా సంబంధం ఉన్నవారికే, దురుద్దేశం లేకుండా తెలియజేస్తే అనేక దేశాల చట్టాలు కొంత రక్షణ ఇస్తాయి, కానీ మినిట్స్ అందుకునేవారి జాబితా పొడుగయ్యేకొద్దీ ఆ రక్షణ పలచబడుతుంది. ఇక్కడ నింద వెనక సమావేశం నిర్ణయించిన పని ఉంటే దానిని పట్టుకోండి: "బిగించిన బోల్టులు ఒప్పందంలోని ప్రమాణానికి సరిపోతాయో లేదో స్వతంత్ర పరీక్ష చేయించాలని నిర్ణయించారు." కోశాధికారి ఆందోళన అందులో ఉంది, తిట్టు లేదు. దీనిని కోశాధికారి స్వయంగా చూసి సరేననాలి. తన అసమ్మతిని పేరుతో రాయమని సభ్యుడు అడిగితే అది తప్పక రాయాలి, దానిని మృదువుగా మార్చే హక్కు మనకు లేదు.

మూడోది, "పరిమితికి మించి బరువు వేసి ఉండవచ్చు" అన్నది, చిన్న వాక్యమే. ఊహకు కర్త ఉండడు, ఆధారం ఉండదు, మూడేళ్ల తరవాత అది సంస్థ అభిప్రాయమవుతుంది. కూలిన సమయంలో ర్యాకు మీద ఉన్న సరుకు జాబితాను ఫలానా వారు ఫలానా తేదీకి ఇవ్వాలని రాస్తే ఊహ పరిశోధనగా మారుతుంది. న్యాయవాది సలహా చర్చకు వచ్చి ఉంటే, సలహా అందిందని, దానిని పరిశీలించారని మాత్రమే రాయండి. సలహాలోని మాటలు మినిట్స్‌లోకి వచ్చి పదిమందికీ చేరితే దాని గోప్యత పోయే ప్రమాదం ఉంది.

నాలుగో వాక్యంలోని హామీ మంచి మనసుతో పుట్టింది. కానీ "అన్ని చర్యలూ" అన్నదానికి అంతు లేదు. ఏ చర్య మిగిలిపోయినా మాట తప్పినట్టే. "వీలైనంత త్వరగా" అన్నదానికి తేదీ లేదు. ఏమీ చేయకపోతే, ప్రమాదం తెలిసి కూడా ఊరుకున్నారని చూపించే మొదటి పత్రం ఈ హామీయే అవుతుంది. నిజంగా నిర్ణయించినదేమిటో అధ్యక్షుణ్ణి అడగండి. ఆయన "అదే రకం ర్యాకులన్నీ పరీక్ష పూర్తయ్యేవరకు ఖాళీ చేయించాలన్నాము, మేనేజరు ఏడు రోజుల్లో చేయాలి" అంటే అది రాయండి. "బాధితుల వైద్య ఖర్చు గురించి ఏమీ తేల్చలేదు" అంటే, తేల్చలేదని, ఫలానా సమావేశంలో తేలుస్తారని రాయండి. సమావేశంలో లేని నిర్ణయాన్ని ముసాయిదాలో పుట్టించకండి. బాధితుల పట్ల విచారం తెలిపితే విచారం అనే రాయండి. తప్పు ఒప్పుకోవడం వేరు, బాధపడడం వేరు. చాలాచోట్ల చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది, మీ చోట ఎంతవరకు గుర్తిస్తుందో మీ న్యాయవాదిని అడగండి.

చివరిగా ధ్రువీకరణ. ఆస్‌బెస్టాస్ ఉత్పత్తులు తయారుచేసిన జేమ్స్ హార్డీ సంస్థ డైరెక్టర్ల కేసులో 2012లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన ఆస్ట్రేలియా హైకోర్టు ఇచ్చిన తీర్పును కార్యదర్శులందరూ గుర్తుంచుకోవాలి. ఆస్‌బెస్టాస్ బాధితుల పరిహార నిధికి సరిపడా డబ్బు ఉందనే ప్రకటన ముసాయిదాను బోర్డు ఆమోదించినట్టు 2001 ఫిబ్రవరి సమావేశపు మినిట్స్‌లో ఉంది. తరవాతి సమావేశంలో బోర్డు వాటిని ధ్రువీకరించింది. ఏళ్ల తరవాత, ఆ ఆమోదం జరగనే లేదని డైరెక్టర్లు వాదించారు. ఆ మినిట్స్‌లో వేరే పొరపాట్లు ఉన్నా, బోర్డు తానే సరైనవని ఒప్పుకున్న రికార్డుకే కోర్టు విలువ ఇచ్చింది.

అందుకే ముసాయిదాను సభ్యులకు పంపేటప్పుడు "సవరణలుంటే తెలపండి" అని ఊరికే రాయకుండా, ఎవరి మాట పేరుతో నమోదైందో వారికి ఆ పేరా చూపించి విడిగా జవాబు అడగండి. జ్ఞాపకం తాజాగా ఉన్న వారం రోజుల్లోనే అడగండి. ధ్రువీకరణ రోజున ర్యాకు పేరాను పైకి చదివించండి. ఆ గదిలో గిడ్డంగి మేనేజరు ఉండేలా చూడండి, ఎందుకంటే తనిఖీ రికార్డు దొరికిందో లేదో ఆయన ఆ రోజే చెప్పాలి, దానిని మీరు ఆ రోజు మినిట్స్‌లోనే రాయాలి.