ఒక్క పేజీ నోట్స్: లెక్క టాలీ అయినా మార్కులు పోతాయి!

"మాస్టారూ, ఎప్పుడో ఆపేసిన సీఎంఏ ఇంటర్ మళ్లీ మొదలుపెట్టాను. పగలంతా ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. వాళ్లు పడుకున్నాక నాకు మిగిలేది గంటే. స్టాండర్డ్ కాస్టింగ్ మొత్తం ఒక్క పేజీకి కుదించాను. మెటీరియల్ భాగం కింద రాశాను. ఇది సరిపోతుందా, ఒకసారి చూసి చెప్పండి."

```
MCV = (SQ × SP) − (AQ × AP)
MPV = (SP − AP) × AQ
MUV = (SQ − AQ) × SP
```

అమ్మా, కాస్ట్, ప్రైస్, యూసేజ్ వేరియన్స్‌ల మూడు ఫార్ములాలూ కరెక్టే. S అంటే స్టాండర్డ్, A అంటే వాస్తవం, Q పరిమాణం, P ధర. అయినా ఈ పేజీని ఇలాగే నమ్ముకుని పరీక్షకు వెళ్లొద్దు. వీడియో చూస్తున్న మిగతావాళ్లూ వినండి. ఒక్క పేజీలో చాప్టర్ అయిపోతుందని ఊదరగొడుతున్నారే, ఆ పేజీల్లో చాలావాటికి ఉన్న జబ్బే దీనికీ ఉంది. ఫార్ములా ఉంది, షరతు ఎగిరిపోయింది!

SQ అంటే ఏ ఉత్పత్తికి లెక్కగట్టిన స్టాండర్డ్ పరిమాణం? బడ్జెట్‌లో అనుకున్న ఉత్పత్తికా, నిజంగా తయారైనదానికా? పేజీలో ఆ ముక్కే లేదు. ఇప్పుడు లెక్క చేద్దాం, పెన్ను తీసుకోండి.

ఒక యూనిట్‌కి 2 కిలోల ముడిసరుకు, కిలో ₹50. బడ్జెట్ 1,000 యూనిట్లు. తయారైనవి 900. వాడింది 1,900 కిలోలు, కిలో ₹52 చొప్పున.

తయారైన 900 యూనిట్లకు పట్టాల్సింది 1,800 కిలోలు. వాడింది 1,900. అంటే 100 కిలోలు ఎక్కువ వాడారు, యూసేజ్ వేరియన్స్ ₹5,000 అడ్వర్స్. ధర కిలోకి ₹2 పెరిగింది కాబట్టి ప్రైస్ వేరియన్స్ ₹3,800 అడ్వర్స్. మొత్తం ₹8,800 అడ్వర్స్.

ఇప్పుడు మీ పేజీ చూసుకుని, రాత్రి పదకొండింటికి అలసిపోయిన కళ్లతో, ప్రశ్నలో ముందు కనిపించిన 1,000 యూనిట్లే పట్టుకున్నారనుకోండి. SQ 2,000 కిలోలు అవుతుంది. యూసేజ్ వేరియన్స్ ₹5,000 ఫేవరబుల్! అంకె అదే, గుర్తు తిరగబడింది. ముడిసరుకు వృథా చేసిన ఫ్యాక్టరీకి పొదుపు చేసిందని శాలువా కప్పినట్టే.

ఇంకా ఘోరం ఏంటో తెలుసా? సరిచూసుకున్నా దొరకదు. ₹5,000 ఫేవరబుల్‌లోంచి ₹3,800 అడ్వర్స్ తీసేస్తే ₹1,200 ఫేవరబుల్. అటు కాస్ట్ వేరియన్స్ కూడా అదే SQతో కడితే ₹1,00,000లోంచి ₹98,800 పోగా ₹1,200 ఫేవరబుల్. చక్కగా టాలీ! మీరు టిక్కు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. టాలీ అయ్యిందంటే కూడికలో తప్పు లేదని మాత్రమే. SQ సరైనదని కాదు. ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

ఈ తప్పు ముందే ఎందుకు బయటపడదు? బడ్జెట్, వాస్తవ ఉత్పత్తి ఒకటే ఉన్న తేలిక లెక్కలతో సాధన చేస్తే రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తుంది. అందుకే నోట్స్ పరీక్షించాలంటే ఉత్పత్తి మారిన లెక్కే పెట్టుకోవాలి.

రెండో చోటు AQ. కొన్నదా, వాడినదా? పై ఫ్యాక్టరీ 2,200 కిలోలు కొని 1,900 వాడిందనుకుందాం. కొన్నప్పుడే ప్రైస్ వేరియన్స్ తీస్తే ₹4,400 అడ్వర్స్, వాడినప్పుడు తీస్తే ₹3,800. తేడా ₹600 ఎక్కడిది? మిగిలిన 300 కిలోల మీద కిలోకి ₹2. మొదటి పద్ధతిలో స్టాకు ₹50 దగ్గర ఉంటుంది, రెండో పద్ధతిలో ₹52 దగ్గర. మొదటి పద్ధతిలో ప్రైస్, యూసేజ్ కలిపితే ₹9,400 వస్తుంది, ₹8,800 రాదు. అక్కడ కంగారుపడి సరైన జవాబు కొట్టేసేవాళ్లున్నారు! ప్రశ్న ఏ పద్ధతో చెప్పకపోతే, మీరు తీసుకున్న పద్ధతిని జవాబు పైన ఒక వాక్యంలో రాయండి.

నా వాదన ఒకటే. కుదించాల్సింది ఫార్ములాని, షరతుని కాదు. MCV గుర్తుండేదే, మీ పేజీలోంచి తీసేయండి. ఆ జాగాలో ఇవి రాయండి:

```
SQ = వాస్తవ ఉత్పత్తి × యూనిట్‌కి స్టాండర్డ్ కిలోలు
MPVలో AQ = కొన్నదా? వాడినదా?
MUVలో AQ = ఎప్పుడూ వాడినదే
```

వాటి కింద 900 యూనిట్ల లెక్క, తప్పు జవాబుతో సహా, చిన్నగా ఉంచండి.

లేబర్ భాగం పంపేముందు కూడా ఇదే చూడండి. కూలి ఇచ్చిన గంటలు 400, పని ఆగిన గంటలు 20 అయితే రేట్ వేరియన్స్‌కి 400, ఎఫిషియెన్సీకి 380 తీసుకుని, ఐడిల్ టైమ్ విడిగా చూపాలి. మీ పేజీలో రెండు చోట్లా వాస్తవ గంటలకు ఉత్త AH అని ఉంటే, అది మార్చాకే పంపండి.