బాబుకి ఆటలమ్మ, నాకు నాలుగో నెల: ఫోన్-ఇన్‌లో గైనకాలజిస్టు సమాధానాలు

వ్యాఖ్యాత: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. నాకు ఇప్పుడు పదిహేనో వారం. ఆదివారం మా నాలుగేళ్ల బాబుకి ఒళ్లంతా పొక్కులు లేచాయి. ఆటలమ్మ అన్నారు. ఇవాళ బుధవారం. రాత్రి కూడా నా పక్కనే పడుకున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా? టీకా ఏమైనా వేయించారా?

కాలర్: అమ్మ పోసిందనే అంటుంది, మళ్లీ అది తమ్ముడికేమో అంటుంది. టీకా సంగతి తెలియదు.

డాక్టర్: అయితే పరీక్ష చేయించాల్సిందే. ఖాయంగా పోసిందని తెలిసి ఉంటే ఇంత హడావిడి ఉండేది కాదు. పొక్కులు లేవడానికి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది కాబట్టి ఇప్పుడు బాబుని వేరే గదిలో పెట్టినా, తగలాల్సింది ఈపాటికే తగిలి ఉంటుంది. ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, వేరిసెల్లా ఐజీజీ పరీక్ష కావాలని చెప్పండి.

కాలర్: అందులో నాకు వచ్చిందో లేదో తెలిసిపోతుందా?

డాక్టర్: అది కాదమ్మా తెలిసేది. మీ ఒంట్లో పాత రక్షణ ఉందా లేదా అన్నది తెలుస్తుంది. కొత్తగా సోకితే ఐజీజీ అనే ఆ రక్షణ యాంటీబాడీ తయారవడానికి సమయం పడుతుంది. అందుకే ఇప్పుడు తీసిన రక్తంలో అది కనబడితే పాతదే, ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు. రెండు మూడు వారాలు ఆగి చేయిస్తే మాత్రం అది పాతదో కొత్తదో చెప్పడం కష్టం.

కాలర్: లేదని వస్తే?

డాక్టర్: రెండు దారులున్నాయి. ఒకటి తయారుగా ఉన్న యాంటీబాడీలిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్, తగిలిన పది రోజుల లోపు ఇవ్వాలి. అది అన్నిచోట్లా దొరకదు. రెండోది వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మాత్రలు, తగిలిన ఏడో రోజు నుంచి వారం పాటు. మీ లెక్కన ఆదివారం నుంచి ఏడో రోజంటే వచ్చే ఆదివారం. ఈలోగా రిపోర్టు వచ్చేస్తుంది కాబట్టి టైముంది. ఏది వాడాలో మీ డాక్టర్ చెబుతారు. టీకా మాత్రం ఇప్పుడు వేయకూడదు.

కాలర్: అయినా పొక్కులు వస్తే?

డాక్టర్: మూడు వారాల దాకా గమనించుకోండి, ఇంజెక్షన్ తీసుకుంటే నాలుగు వారాలు. ఒక్క పొక్కు కనబడినా వెంటనే ఫోన్ చేయండి. 24 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నేరుగా వెళ్లి వెయిటింగ్ హాల్లో కూర్చోకండి, అక్కడ ఇతర గర్భిణులుంటారు. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి. పెద్దవాళ్లలో ఆటలమ్మతో న్యుమోనియా వస్తుంది, నేను అసలు భయపడేది దానికే.

కాలర్: కడుపులో బిడ్డకి?

డాక్టర్: మీకు సోకితేనే ఆ ప్రశ్న. సోకినా ఈ నెలల్లో బిడ్డకి లోపాలు వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండు. సోకిన ఐదు వారాల తర్వాత వివరమైన స్కాన్ చేయిస్తాం. అంతకుముందే చేయిస్తే బాగానే కనబడి మోసపోతాం.

వ్యాఖ్యాత: మామూలు జ్వరం వస్తే కూడా ఇంత కంగారు పడాలా మేడం?

డాక్టర్: 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసుకుని డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఐబుప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు. ఒళ్లు నొప్పులు, దగ్గుతో ఫ్లూలా అనిపిస్తే పరీక్ష ఫలితం కోసం కూర్చోకుండా ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదలుపెడతాం, మొదటి 48 గంటల్లో అయితే మంచి ఫలితం ఉంటుంది.

వ్యాఖ్యాత: మరో కాలర్.

కాలర్: మేడం, నాకు తొమ్మిదో వారం. కడుపులో బిడ్డకి హాని చేసే ఇన్ఫెక్షన్ల కోసం రొటీన్‌గా చేసిన టార్చ్ అనే రక్త పరీక్షలో రుబెల్లా ఐజీఎం పాజిటివ్ అని వచ్చింది. దద్దుర్లు లేవు, జ్వరం లేదు. గర్భం ఉంచుకోవద్దంటున్నారు మా వాళ్లు.

డాక్టర్: ఆ ఒక్క కాగితం చూసి అలాంటి మాట అనకూడదు. దద్దుర్లున్న వాళ్లెవరి దగ్గరైనా ఉన్నారా?

కాలర్: లేదండి.

డాక్టర్: రుబెల్లా తొలి నెలల్లో నిజంగా సోకితే బిడ్డకి ప్రమాదం చాలా ఎక్కువ, అది దాచను. కానీ కొత్తగా సోకినప్పుడు కనబడే ఈ ఐజీఎం, ఏ లక్షణం లేనివాళ్లలో ఊరికే పాజిటివ్ చూపించడం మామూలే. పాత రిపోర్టులేమైనా ఉన్నాయా?

కాలర్: మొదటి కాన్పప్పటి ఫైలు ఉంది. అందులో రుబెల్లా ఐజీజీ పాజిటివ్.

డాక్టర్: అంటే అప్పటికే మీకు రక్షణ ఉందన్నమాట. ఇది తప్పుడు పాజిటివే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఫైలు తీసుకెళ్లి, ఐజీజీ ఎవిడిటీ పరీక్ష, అంటే ఐజీజీ వైరస్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే పరీక్ష, చేయించమని అడగండి. ఎవిడిటీ ఎక్కువగా వస్తే సోకి కనీసం మూడు నెలలు దాటిందని అర్థం. మీకు తొమ్మిదో వారమే కాబట్టి అది గర్భానికి ముందరి సంగతే అవుతుంది. ఆ రిపోర్టు చేతికి వచ్చే దాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి.