ఇంట్లో బీపీ చూసుకుంటున్నారా? వీడియో చెప్పగలిగేది ఇంతవరకే

యాంకర్: డాక్టర్ గారూ, ఇంట్లో బీపీ చూసుకోవడం మీద మీరు చేసిన వీడియోలో ముందు మీ చదువు గురించే చెప్పారు. ఎందుకండీ?

ఫిజీషియన్: నేను జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేశాను. రోజూ చూసేది పెద్దవాళ్ల బీపీ. అందుకే వీడియోలో చెప్పిన బీపీ అంకెలు గర్భిణులకు, పిల్లలకు పెట్టి చూడొద్దని అక్కడే చెప్పేశాను. పేరు ముందు డాక్టర్ అని ఉంటే సరిపోదు, ఏ విభాగం డాక్టరో చూసేవాళ్లకు తెలియాలి.

గైనకాలజిస్ట్: మంచి పని చేశారు. గర్భంతో ఉన్నవాళ్లకు 140/90 వచ్చినా ఆ రోజే మాకు ఫోన్ చేయాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే ఫోన్‌తో ఆగకుండా నేరుగా ఆస్పత్రికి రావాలి.

యాంకర్: వీడియో చూసి టెన్షన్‌తో వచ్చినవాళ్లు ఉన్నారా?

ఫిజీషియన్: ఒకావిడ వచ్చారు, 52 ఏళ్లు. ఇంట్లో 158/96 వచ్చిందట. ఎలా చూసుకుంటున్నారో చేసి చూపించమన్నాను. కాళ్లు వేలాడేసి కూర్చుని, బట్టల మీదే పట్టీ చుట్టి, నాతో మాట్లాడుతూనే బటన్ నొక్కారు. పైగా ఆ పట్టీ ఆవిడ చేతికి చిన్నది. పట్టీ చిన్నదైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

సరైన సైజు పట్టీ తీసుకోమన్నాను. ఐదు నిమిషాలు మౌనంగా, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం గ్యాప్. అలా వారం చూసి, మొదటి రోజువి వదిలేసి సగటు తీస్తే 138/86 వచ్చింది.

యాంకర్: తగ్గింది కదా, ఇక ఫర్వాలేదా?

ఫిజీషియన్: లేదండీ. ఇంట్లో సగటు 135/85 వచ్చినా, దాటినా క్లినిక్‌కి రావాల్సిందే. ఆవిడకు మూత్రపరీక్ష, కిడ్నీ, షుగర్ పరీక్షలు, ఈసీజీ చేయించాం. మందు కావాలా, ఏ మందు, ఎంత అన్నది వాటిని చూశాకే తేలుతుంది. అది వీడియోలో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

గైనకాలజిస్ట్: ఒక్క రీడింగ్ ఎక్కువ రాగానే ఇంకో మాత్ర వేసుకునేవాళ్లున్నారు. అది ప్రమాదం. బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడొచ్చు.

యాంకర్: మరి 180/120 వస్తే?

ఫిజీషియన్: ఏ ఇబ్బందీ లేకపోతే కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి కాలు పట్టుతప్పడం ఉంటే మాత్రం రెండో రీడింగ్ కోసం కూడా ఆగొద్దు. అంబులెన్స్ పిలవండి, సొంతంగా బండి నడుపుకుంటూ రావద్దు.