చదువుకునే ప్లేలిస్ట్‌లో స్మార్ట్ షఫుల్ ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆపాలి?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ స్పాటిఫైలో ఉన్న షఫుల్, మన పాటల మధ్యలో యాప్ తానే కొత్త పాటలు కలిపే స్మార్ట్ షఫుల్, రికమెండేషన్ల గురించి. మొత్తం యాప్ జోలికి వెళ్లను. గ్రూప్స్‌కో, సీఏకో, సెమిస్టర్ పరీక్షలకో చదివేటప్పుడు వెనకాల మెల్లగా మోగే ప్లేలిస్ట్‌కి ఇవి పనికొస్తాయా అన్నదే చూద్దాం. నేను వాడేది ప్రీమియం అకౌంట్. స్మార్ట్ షఫుల్ ప్రీమియం వాళ్లకే వస్తుంది.

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను. స్మార్ట్ షఫుల్ మంచి ఫీచర్, కానీ దాన్ని పుస్తకం ముందు కూర్చున్నప్పుడు వాడకూడదు. పాటలు వెతికే టైమ్ వేరు, చదివే టైమ్ వేరు. ఈ రెండూ కలిసినప్పుడే మూడ్ పోతుంది.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. మీ ప్లేలిస్ట్‌లో 30 ట్రాక్‌లు ఉన్నాయనుకోండి. 12 వీణ, 10 వేణువు, 8 నెమ్మదైన సినిమా నేపథ్య సంగీతం. ఒక్కోటి సుమారు 4 నిమిషాలు, అంటే మొత్తం 2 గంటలు. 2023లో స్మార్ట్ షఫుల్ వచ్చినప్పుడు స్పాటిఫై చెప్పిన లెక్క ఇది: 15 పాటలకు పైగా ఉన్న ప్లేలిస్ట్‌లో మీ ప్రతి మూడు పాటలకూ ఒక కొత్త పాట కలుస్తుంది. అంటే మన లిస్ట్‌కి 10 కొత్త పాటలు. ప్రతి 16 నిమిషాల్లో 4 నిమిషాలు మీకు తెలియని సంగీతం మోగుతుంది. తెలియని పాట రాగానే చెవి అటు వెళ్తుంది. ఇదేంటి, ఎవరు వాయించారు, బాగుందే అనుకుంటాం, ఫోన్ చేతిలోకి వస్తుంది. పేజీలో ఎక్కడున్నామో మళ్లీ వెతుక్కోవాలి.

ఇంకో చిక్కు, ఆ కొత్త పాట ఏ లెక్కన వస్తుందన్నది. ఇలాంటి సిఫార్సులు చాలావరకు ఈ పాటలు వినేవాళ్లు ఇంకేం వింటారన్న దాని మీద నడుస్తాయి. వీణ వినేవాళ్లలో చాలామంది కీర్తనలు, భక్తి పాటలు కూడా వింటారు. అందుకే వీణ మధ్యలోకి గాత్రం వచ్చేస్తుంది. సంగీతంగా అది దగ్గరి చుట్టమే, చదువుకి మాత్రం కాదు. మాటలున్న పాట చదివిన మాటలతో పోటీ పడుతుంది. గాత్రం ఉన్న సంగీతం, వాద్య సంగీతం కంటే ఎక్కువగా జ్ఞాపకానికి అడ్డొస్తుందని 1989లోనే సలామే, బ్యాడ్లీ ప్రయోగాల్లో చూపించారు. వాళ్లు చూసింది అంకెలను వరుసగా గుర్తుపెట్టుకోవడం. సెక్షన్ నంబర్లు, సంవత్సరాలు బట్టీ పట్టేవాళ్లు దీన్ని గమనించాలి.

మరి మామూలు షఫుల్ సరిపోతుందా? సరిపోతుంది, కానీ అదేం చేయదో తెలియాలి. నిజంగా చీటీలు తీసినట్టు కలిపితే ఒకే కళాకారుడి పాటలు పక్కపక్కన పడుతుంటాయి, అది జనానికి షఫుల్‌లా అనిపించట్లేదని, అందుకే కళాకారులను దూరదూరంగా పరుస్తున్నామని 2014లో స్పాటిఫై ఇంజనీర్లు వివరించారు. గమనించండి, వాళ్లు దూరం పెట్టింది కళాకారుడిని. వేగం, శబ్దం, మూడ్ చూసి వరుస పెట్టడం షఫుల్ పని కాదు. కాబట్టి ఏ పాట పక్కన ఏ పాట వచ్చినా ఇబ్బంది లేని లిస్ట్‌ని మనమే తయారు చేసుకోవాలి.

దానికి 30 పాటలనూ జతలుగా వినక్కర్లేదు. లిస్ట్‌లో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉన్న ట్రాక్ ఒకటి, అన్నిటికంటే హడావుడిగా ఉన్నది ఒకటి తీసుకోండి. మొదటి దాని చివరి 20 సెకన్లు, వెంటనే రెండో దాని మొదటి 20 సెకన్లు వినండి. ఉలిక్కిపడ్డారా, రెండోదాన్ని తీసేయండి. దాని తర్వాత ఎక్కువ హడావుడిగా ఉన్నదాన్ని పట్టుకుని మళ్లీ ఇదే పని. ఈ రెండు చివర్లూ కలిసిపోయాయంటే మధ్యలోవి మామూలుగా ఇబ్బంది పెట్టవు.

మన శాస్త్రీయ సంగీతంలో ఇంకో జాగ్రత్త ఉంది, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మొదటి అరనిమిషం విని పాటని లిస్ట్‌లో వేయకండి. కచేరీ రికార్డింగ్ ఆలాపనతో ఎంతో ప్రశాంతంగా మొదలవుతుంది. ఇరవై నిమిషాలయ్యాక తని ఆవర్తనం వస్తుంది, మృదంగం, ఘటం చెలరేగిపోతాయి, ఆపైన చప్పట్లు. అది విని ఆనందించాల్సిన ఘట్టం, కాంట్రాక్ట్ యాక్ట్ చదువుతూ వినేది కాదు. అందుకే ప్రతి ట్రాక్‌నీ మొదట్లో, సగంలో, ముప్పావు దగ్గర, చివర్లో ఒకసారి జరిపి వినండి. స్టూడియో రికార్డింగ్‌లో ఉన్న ఆలాపనలు, చిన్న కృతులు మంచి ఎంపిక.

ఇప్పుడు స్మార్ట్ షఫుల్‌ని దాని చోట పెడదాం. అన్నం తిన్నాకో, బస్సులోనో, పుస్తకం లేని టైమ్‌లో ఆన్ చేయండి. యాప్ సూచించిన పాటల పక్కన చిన్న మెరుపు గుర్తు ఉంటుంది. నచ్చితే ప్లస్ నొక్కండి, లిస్ట్‌లో చేరుతుంది. వద్దనుకుంటే మైనస్. ఏదీ నొక్కకపోతే అది మీ అసలు లిస్ట్‌లోకి రాదు, కాబట్టి లిస్ట్ పాడవుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. పది సూచనల్లో రెండు మూడు నిలిచినా చాలు.

ప్లేలిస్ట్ అడుగున వచ్చే సిఫార్సులు ఇంకా తేలిక. లిస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు అవి పేరుని బట్టి వస్తాయి, పాటలు వేశాక ఆ పాటలని బట్టి మారతాయి. అందుకే "నా చదువు" అని కాకుండా "వీణ ఇన్‌స్ట్రుమెంటల్" లాంటి పేరుతో మొదలుపెట్టండి. మొదటి ఐదారు పాటల్లో గాత్రం ఒక్కటి కూడా ఉండనివ్వకండి.

ఇక సెట్టింగ్స్. ఆటోప్లే ఆపేయండి. లేకపోతే రెండు గంటలు అయ్యాక మీరు ఎంచిన లిస్ట్ ముగిసి, యాప్ ఎంచిన పాటలు మొదలవుతాయి, చదువులో ఉంటే మీకు తెలియను కూడా తెలియదు. ఆపితే నిశ్శబ్దమే రెండు గంటలైందని చెప్తుంది. వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి "Normal" దగ్గర ఉంచండి. పాత వీణ రికార్డింగ్, కొత్త సినిమా ట్రాక్ ఇంచుమించు ఒకే స్థాయిలో వినిపిస్తాయి. ఒకే ట్రాక్‌లో మధ్యలో పెరిగే శబ్దాన్ని మాత్రం ఇది తగ్గించదు.

ఒక పాట ముగుస్తుండగానే తర్వాతిది దాని మీద మొదలయ్యే క్రాస్‌ఫేడ్ చాలామంది పెట్టమంటారు, నేను ఈ లిస్ట్‌కి వద్దంటాను. వీణ రెండున్నర శ్రుతిలో, వేణువు అయిదు శ్రుతిలో ఉంటే, ఆ కొన్ని సెకన్లు రెండు తంబురాలు ఒకదాని మీద ఒకటి మోగుతాయి. సంగీతం రానివాళ్ల చెవికి కూడా అది గుచ్చుకుంటుంది.

ఒక్కటి మిగిలింది. రోజూ గంటలకొద్దీ ఈ లిస్ట్ మోగితే మీ హోమ్ పేజీ అంతా వీణలే నిండుతాయి. ప్లేలిస్ట్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి "Exclude from your taste profile" ఎంచుకోండి. మీ మిగతా పాటలు మీకు మిగులుతాయి. యాపిల్ మ్యూజిక్ వాడేవాళ్లు క్యూలో ఉన్న ∞ గుర్తుని, యూట్యూబ్ మ్యూజిక్ వాడేవాళ్లు క్యూలో ఉన్న ఆటోప్లే స్విచ్‌ని ఆపితే చాలు, పాటల ఎంపిక పద్ధతి ఏ యాప్‌లో అయినా ఇదే.